పుస్తకం తెరిచి రాసే పరీక్ష

ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నవాళ్లకు ప్రమోషన్ల కోసం రాసే డిపార్ట్‌మెంటల్ టెస్టులంటే ఏమిటో చెప్పక్కర్లేదు. వాటిలో కొన్ని పేపర్లు ‘విత్ బుక్స్’. ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్ల అకౌంట్స్ టెస్టు, పేపర్ కోడ్ 141, అలాంటిదే. పుస్తకాలు తీసుకెళ్లి, చూసి, రాయొచ్చు. మొదటిసారి వెళ్లినప్పుడు నేను ఫైనాన్షియల్ కోడ్, ట్రెజరీ కోడ్, రెండు గైడ్లు సంచిలో వేసుకుని ధైర్యంగా వెళ్లాను. అన్నీ చేతిలోనే ఉన్నాయి కదా అనుకున్నాను. నూరు ప్రశ్నలు, రెండు గంటలు. ప్రశ్నకు నిమిషం పన్నెండు సెకన్లు. ఏ రూలు ఏ చాప్టర్లో ఉందో తెలియక పేజీలు తిప్పుతూనే ఉన్నాను. ఆ రోజు నేను ఫెయిలయ్యాను. పక్క వరుసలో ఒక పెద్దాయన మాత్రం పుస్తకం నాలుగైదుసార్లే తెరిచారు. ఆయనకు ఏది ఎక్కడుందో, ఎందుకుందో తెలుసు. సందేహం వచ్చినచోట ఒక్కసారి చూసి సరిచేసుకుంటున్నారు, అంతే.

ఓపెన్ బుక్ పరీక్షల గురించి ఎవరు మాట్లాడినా నాకు ఆయనే గుర్తొస్తారు. పుస్తకం ఇస్తే పిల్లలు చదవడం మానేస్తారని కొందరంటారు. పుస్తకం ఇస్తే బట్టీ పోయి ఆలోచన వస్తుందని ఇంకొందరంటారు. రెండు వాదాలూ బల్ల మీదున్న పుస్తకం వైపే చూస్తున్నాయి. చూడాల్సింది ప్రశ్నపత్రం వైపు.

నేను తొమ్మిదో తరగతికి ఫిజికల్ సైన్స్ చెబుతాను. కిందటేడు నవంబర్లో ఒక స్లిప్ టెస్టు పుస్తకం తెరిచి రాయమన్నాను. “టీచర్, నిజంగా చూసి రాయొచ్చా? కాపీ కొట్టినట్టు కాదా?” అని ముందు బెంచీ పిల్ల అడిగింది. పాఠం బాష్పీభవనం. మామూలుగా అయితే ‘బాష్పీభవన వేగాన్ని ప్రభావితం చేసే అంశాలు రాయండి’ అని ఇచ్చేదాన్ని. పుస్తకం తెరిచి ఆ ప్రశ్నకు జవాబు రాయడం పరీక్ష కాదు, చేతిరాత అభ్యాసం. అందుకని ఇలా ఇచ్చాను: ‘ఒకే రకం కుండలు రెండు, వాటిలో ఒకే కొలత నీళ్లు. మే నెలలో ఒకటి అనంతపురంలో, ఒకటి మచిలీపట్నంలో పెట్టాం. ఎక్కడ నీళ్లు ఎక్కువ చల్లబడతాయి? ఎందుకు?’

పుస్తకంలో అనంతపురం లేదు, మచిలీపట్నం లేదు. ఉపరితల వైశాల్యం, ఉష్ణోగ్రత, గాలిలో తేమ, గాలి వేగం అనే నాలుగు అంశాలు మాత్రం ఉన్నాయి. నలభై రెండు మందిలో సగం మంది ఆ నాలుగింటినీ పొల్లుపోకుండా దించేసి, చివర ఏదో ఒక ఊరు పేరు రాశారు. సమ్మెటివ్ పరీక్షల్లో మంచి మార్కులొచ్చే పిల్లలూ వాళ్లలో ఉన్నారు. అది చూసి నాకు బాధేసింది. తప్పు వాళ్లది కాదు. చూసి రాయడమే చదువని తొమ్మిదేళ్లుగా నేర్పింది మేమే.

ఒక పిల్ల రెండే వాక్యాలు రాసింది: ‘వానాకాలంలో బట్టలు ఆరవు. సముద్రం దగ్గర గాలి ఎప్పుడూ వానాకాలంలా ఉంటుంది, కాబట్టి కుండ నీళ్లు అనంతపురంలోనే బాగా చల్లబడతాయి.’ తేమ అనే మాట కూడా వాడలేదు. పూర్తి మార్కులు వేశాను. ఇంకో అబ్బాయి మచిలీపట్నమే అన్నాడు, సముద్రపు గాలి జోరుగా వీస్తుంది కాబట్టి. గాలి వేగం పెరిగితే బాష్పీభవనం పెరుగుతుందని పుస్తకంలో ఉంది, వాడు దాన్ని సరిగ్గానే పట్టుకున్నాడు. తేమ సంగతి మాత్రం వదిలేశాడు. జవాబు తప్పు, ఆలోచన చాలావరకు ఒప్పు. వాడికీ సగానికి పైగా మార్కులు వేశాను. పుస్తకం మూసి పెట్టే పరీక్షలో ఈ ఇద్దరి బుర్రలో ఏముందో నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

ఇంకో విషయం కూడా ఆ రోజే బయటపడింది. మా పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు. పుస్తకం తెరవమంటే దాదాపు అందరూ ఇంగ్లీషు పేజీ అర్థం కాక తెలుగు పేజీకే వెళ్లారు. చదివి అర్థం చేసుకోవడం రాకపోతే తెరిచిన పుస్తకం కూడా మూసినట్టే. ఓపెన్ బుక్ పరీక్షలో ముందు తేలేది ఇదే.

ఇంత చెప్పినా, జ్ఞాపకశక్తిని చిన్నచూపు చూసే మాట మాత్రం నేను ఒప్పుకోను. పుస్తకంలోని విద్య, పరుల చేతిలోని ధనం అవసరానికి అక్కరకు రావని పెద్దలు ఊరికే అనలేదు. ఎక్కాలు రాని పిల్లవాడు లెక్క మధ్యలో ఆగి ఏడెనిమిదులు వెతుక్కుంటుంటే, ఈలోగా లెక్కే మరిచిపోతాడు. మన అవధానాన్ని చూడండి. చివర్లో ధారణ చేస్తుంటే సభంతా చప్పట్లు కొడుతుంది. కానీ పృచ్ఛకుడు ఇచ్చే సమస్య ఏ పుస్తకంలోనూ ఉండదు, అవధాని అప్పటికప్పుడు పూరించాలి. వేల పద్యాలు నోటికొచ్చినంత మాత్రాన అది కుదరదు. అవేవీ రానివాడికి అసలే కుదరదు. జ్ఞాపకాన్నీ తెలివినీ ఒకే వేదిక మీద పరీక్షించే పద్ధతి మనకు ముందునుంచీ ఉంది.

సివిల్ ఇంజనీరింగ్ పిల్లలు కాంక్రీట్ డిజైన్ పేపరుకు ఐఎస్ 456 కోడ్ పుస్తకం పట్టుకుని వెళ్లడం ఎప్పటినుంచో ఉంది. దాన్నెవరూ కాపీ అనరు. నియమాలు కోడ్‌లో ఉంటాయి, ప్రశ్నలోని బీముకు ఎంత స్టీలు పడుతుందో ఉండదు. రేపు సైట్లో కూడా ఆ పుస్తకం చూసే పని చేస్తారు. అక్కడ ఓపెన్ బుక్ ఎంత సహజంగా ఉందో, బడిలో అంత కొత్తగా ఉంది.

సీబీఎస్ఈ దీన్ని ఒకసారి చేసి వదిలేసింది. 2014లో తొమ్మిది, పదకొండు తరగతులకు పెట్టి, 2017-18కల్లా ఎత్తేసింది. అప్పుడు పరీక్షలో వచ్చే పాఠ్యభాగాన్ని నెలల ముందే బడులకు ఇచ్చేవారు. ఏ పాఠ్యం మీద అడుగుతారో ముందే తెలిస్తే, దాని మీద ఏమడగొచ్చో ఊహించి జవాబులు రాయించి బట్టీ పట్టించడం మన దగ్గర ఎంతసేపు పని? ఇప్పుడు మళ్లీ 2026-27 నుంచి తొమ్మిదో తరగతికి ఈ పద్ధతికి సీబీఎస్ఈ ఆమోదం తెలిపింది. దానికి ముందు జరిపిన ప్రయోగంలో పిల్లలకు 12 నుంచి 47 శాతం మధ్యే మార్కులొచ్చాయి. పుస్తకం ఎదురుగా పెట్టుకుని కూడా సగం మార్కులు రాలేదు. ఆ అంకెలు చూసి మా స్టాఫ్ రూములో కొందరు ఆశ్చర్యపోయారు. ఆ నలభై రెండు పేపర్లు దిద్దిన నాకు ఆశ్చర్యం అనిపించలేదు.

నా భయం పిల్లల గురించి కాదు, మా గురించి. మామూలు స్లిప్ టెస్టు పేపర్లు ఒక సాయంత్రంలో అయిపోతాయి. ఆ కుండ ప్రశ్న పేపర్లకు మూడు రాత్రులు పట్టింది, ఎందుకంటే ప్రతి పిల్లా ఎక్కడ దారి తప్పాడో, ఎక్కడి వరకు బాగా వచ్చాడో చదివి చూడాలి. కీ పేపరు పెట్టుకుని టిక్కులు కొడితే మళ్లీ మొదటికే వస్తాం. ప్రశ్న తయారు చేయడం అంతకన్నా కష్టం. ఒకసారి అడిగిన ప్రశ్న మరుసటేడు గైడులోకి ఎక్కిందంటే దాని పని అయిపోయినట్టే. అనంతపురం, మచిలీపట్నం అని రాయడానికి నాకు వారం రోజులు పట్టింది. వచ్చే నెల మళ్లీ పెడతానని పిల్లలకు మాటిచ్చాను. ఐదు ప్రశ్నలు కావాలి, ఇప్పటికి రెండు దొరికాయి.