కుబేరుడు ఆగాడు, నువ్వు మాత్రం కట్టు: ఒక ప్రవచనం నడిచిన తీరు

దేవుని కడపలో మాఘమాసం బ్రహ్మోత్సవాలు జరుగుతున్నాయి. మర్నాడు రథసప్తమి, రథం లాగే రోజు. ముందురోజు సాయంత్రం గుడికి రెండు వీధుల అవతల షామియానా వేసి, ఒక స్వామివారి చేత ప్రవచనం చెప్పించారు. మా మేనత్త రమ్మంటే నేనూ వెళ్ళాను. డిగ్రీ పిల్లలకు అలంకారశాస్త్రం చెప్పే ఉద్యోగం నాది. చెవి ఊరుకోదు కాబట్టి ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను. మొత్తం నలభై ఎనిమిది నిమిషాలు. ఇంటికొచ్చి రెండుసార్లు విన్నాక ఇది రాస్తున్నాను. స్వామివారి పేరు రాయడం లేదు. నాకు కావలసింది ఆయన మాట నడిచిన తీరే.

ముందు ఎవరు ఎక్కడ కూర్చున్నారో చెప్పాలి. ముందు మూడు వరుసలు ప్లాస్టిక్ కుర్చీలు. షామియానాకు, మైకుకు, ప్రసాదానికి డబ్బులిచ్చినవాళ్ళు అక్కడున్నారు. వాళ్ళలో వడ్డీ వ్యాపారం చేసేవాళ్ళు, చీటీలు నడిపేవాళ్ళు ఉన్నారని వీధిలో అందరికీ తెలుసు. వెనక పట్టాల మీద ఆడవాళ్ళు, కూలికి పోయేవాళ్ళు, పల్లెల నుంచి రథం చూడడానికి వచ్చి ఆ రాత్రికి అక్కడే పడుకునే రైతులు. అప్పిచ్చేవాళ్ళు కుర్చీల్లో, తీసుకునేవాళ్ళు నేల మీద. ప్రవచనం మొదలుకాక ముందే సభ రెండుగా విడిపోయి ఉంది. స్వామివారు ఎంచుకున్న విషయమేమో ఋణం.

ఆయన మొదలుపెట్టిన పద్ధతి చాలా తెలివైనది. శ్లోకంతో కాదు, సుమతీ శతకంతో మొదలుపెట్టారు. "అప్పిచ్చువాడు, వైద్యుడు" అని ఆగారు. మిగతా పద్యం జనమే పూర్తిచేశారు. చిన్నప్పుడు బడిలో కంఠతా పట్టినది ఎవరికి రాదు? ఒక్క నిమిషంలో, ఏమీ చెప్పకుండానే, మూడొందల మంది చేత మాట్లాడించారు. తానుగా పలికిన మాటను మనిషి తనదే అనుకుంటాడు, దాన్ని కాదనడం కష్టం. ఆ తర్వాత ఆయన అడిగారు: "ఎప్పుడు నెడతెగక పారు ఏరు అన్నాడు కదా. మన ఊళ్ళో అట్లాంటి ఏరు ఎక్కడుంది నాయనా? బుగ్గవంకా?" సభంతా నవ్వింది. బుగ్గవంక సంగతి కడపవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. వస్తే ఇళ్ళలోకి వస్తుంది, రాకపోతే దాన్లో మేకలు తిరుగుతాయి.

నవ్వు తగ్గకముందే అసలు మాట వేశారు. ఏరు లేని చోట బోరు, బోరు ఎండితే ఇంకో బోరు, దానికి అప్పు. చీనీ చెట్లు ఎండిపోతుంటే ట్యాంకర్‌తో నీళ్ళు తెచ్చి పోసిన ఖర్చు, దానికీ అప్పు. శెనక్కాయ అనే మాటను మా పల్లెల్లో పలికినట్టే పలికారు. అప్పటిదాకా పుస్తక భాష మాట్లాడిన మనిషి ఆ ఒక్క మాటతో మా మనిషి అయిపోయారు. వెనక పట్టాల మీద కూర్చున్న ఒక పెద్దాయన తలగుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకోవడం చూశాను.

తర్వాతి తొమ్మిది నిమిషాలు మాత్రం సభ చేజారింది. మనిషి దేవఋణం, ఋషిఋణం, పితృఋణం అనే మూడు అప్పులతో పుడతాడని వేదవాక్యం చెప్పి, దాని పదవిభాగం మొదలుపెట్టారు. పిల్లలు లేచి బజ్జీల బండి దగ్గరకు పోయారు. మా అత్త ఆవులించింది. నేనూ ఆ భాగం వృథా అనే అనుకున్నాను. రెండోసారి విన్నప్పుడు అర్థమైంది, అది రెండు పనులు చేస్తోంది. ఒకటి, కుర్చీలవాళ్ళ ముందు తన పాండిత్యాన్ని నిలబెట్టుకోవడం. పద్యం, జోకు చెప్పినంత మాత్రాన వాళ్ళు తలూపరు, వేదం కావాలి. రెండోది లోతైనది. పుట్టుకతోనే అందరం అప్పులవాళ్ళమైతే, అప్పున్నవాడు సిగ్గుపడక్కర్లేదు. ఊళ్ళో తలెత్తుకోలేక తిరిగే మనిషికి ఇది చిన్న ఓదార్పు కాదు.

కానీ ఇక్కడే ఒక గారడీ కూడా ఉంది. తండ్రికి తీర్చాల్సిన ఋణమూ, నూటికి మూడు రూపాయల వడ్డీకి రాసిన ప్రాంసరీ నోటూ, రెండింటికీ తెలుగులో ఒకే మాట వాడతాం. మాట ఒకటైనంత మాత్రాన వస్తువు ఒకటి కాదు. పితృఋణానికి వడ్డీ లేదు, చక్రవడ్డీ అసలే లేదు. నూటికి నెలకు మూడు రూపాయలంటే ఏడాదికి ముప్పై ఆరు. వేదం పేరు మీద తెచ్చిన పవిత్రత మెల్లగా నోటు మీదికి పాకింది. తర్కం చెయ్యవలసిన పనిని శ్లేష చేసింది. వింటున్నప్పుడు నాకూ పట్టుబడలేదు, అంత నున్నగా జరిగింది.

ఇక నడిమి భాగం, నేను ఈ ప్రవచనాన్ని మరిచిపోలేకపోవడానికి కారణం. పెళ్ళికి డబ్బు లేక శ్రీనివాసుడు కుబేరుని దగ్గర అప్పు చేసిన కథ. కడపలో ఆ కథ చెప్పడమంటే సొంతింటి కథ చెప్పడమే. తిరుమలకు గడప అని కదా మా ఊరికి ఆ పేరు చెప్పుకుంటాం. అప్పు పత్రానికి బ్రహ్మ, శివుడు సాక్షులు, మూడో సాక్షి రావిచెట్టు. "ఇద్దరు సాక్షులు చాలక చెట్టు చేత కూడా సంతకం పెట్టించుకున్నాడు కుబేరుడు. వ్యాపారస్థుడు గదా!" అన్నారు స్వామివారు. ఈసారి ముందు కుర్చీల్లోంచి నవ్వు వచ్చింది. అప్పుడు గొంతు తగ్గించి, కుబేరుడు అసలు అడగలేదన్నారు. కలియుగం పూర్తయ్యేదాకా వడ్డీ చాలన్నాడట, గడువు మీద గడువు ఇచ్చాడట, ఒక్కనాడూ కొండెక్కి గొడవ చెయ్యలేదట. అని, మైకు దగ్గర నుంచి కొంచెం వెనక్కి జరిగారు. రికార్డులో ఆ మౌనం ఏడు సెకన్లుంది. ఏడు సెకన్లు మైకు ముందు చాలా పొడుగు.

అలంకారశాస్త్రంలో మాట చెప్పే తీరు మూడు రకాలంటారు. వేదం ప్రభువులాగా ఆజ్ఞాపిస్తుంది, ప్రభుసమ్మితం. పురాణం స్నేహితుడిలాగా ఇట్లా చేస్తే ఇట్లా అవుతుందని చెబుతుంది, మిత్రసమ్మితం. కావ్యం ప్రియురాలిలాగా మురిపించి, నేరుగా చెప్పకుండానే దారికి తెస్తుంది, కాంతాసమ్మితం. మూడూ వేర్వేరు గ్రంథాలకు చెప్పినవి. ఈ స్వామివారు ఒకే ప్రవచనంలో, ఒకే షామియానా కింద, ఒక్కో వరుసకు ఒక్కో తీరు వాడారు. కుర్చీలకు కాంత, పట్టాలకు ప్రభువు.

రుజువు క్రియాపదాల్లో ఉంది. వెనకవాళ్ళతో మాట్లాడినప్పుడల్లా "నువ్వు" అన్నారు, "నాయనా" అన్నారు, వాక్యం చివర "కట్టాలి", "తీర్చాలి", "ఎగ్గొట్టకూడదు". లెక్కపెట్టాను, చివరి పదిహేను నిమిషాల్లో ఇలాంటివి ఇరవై ఆరు. అప్పిచ్చినవాడి ప్రస్తావన వచ్చినప్పుడు ఒక్కచోటా "నువ్వు" లేదు, "మీరు" లేదు. అంతా కుబేరుడే. "ఆగాడు", "ఇచ్చాడు", "అడగలేదు". అన్నీ జరిగిపోయిన కథలోని క్రియలు, అన్నీ ప్రథమపురుష. కట్టనివాడికి పాపభయం చెప్పారు, వచ్చే జన్మలో ఎద్దుగా పుట్టి చాకిరీ చేస్తాడన్నారు. వడ్డీ మీద వడ్డీ వేసినవాడు ఏ జన్మ ఎత్తుతాడో మాట రాలేదు.

ఆఖరున చేతులెత్తించారు. "అప్పు ఎగ్గొట్టం అనుకునేవాళ్ళు చేతులెత్తండి." వెనకంతా చేతులే. ముందు వరుసల్లోవాళ్ళు కూడా ఎత్తారు, వాళ్ళకేం నష్టం? "వడ్డీ తగ్గిస్తాం అనుకునేవాళ్ళు" అని ఇంకో ప్రశ్న రాలేదు. సభ చేత ప్రమాణం చేయించడం గట్టి ఉపాయం. పక్కవాడు చూస్తుండగా ఎత్తిన చెయ్యి రేపు గుర్తొస్తుంది. ఆ ఉపాయాన్ని ఆయన ఒక్క వైపే వాడారు.

దీన్ని పిరికితనం అని తీసిపారెయ్యడం సులభం. నేను అనలేను. షామియానా ఎవరిదో ఆ వాక్యం కూడా వాళ్ళదే అవుతుందని స్వామివారికి తెలియకుండా ఉండదు. నేరుగా "వడ్డీ తగ్గించండి" అని ఉంటే ముందు వరుసలు మర్యాదగా చప్పట్లు కొట్టి ఇంటికి పోయేవి, వచ్చే ఏడు ఇంకో స్వామి వచ్చేవాడు. కుబేరుని ముసుగులో చెప్పిన మాట కనీసం వాళ్ళ చెవిలో పడింది. ఆ ఏడు సెకన్ల మౌనం వాళ్ళ కోసమే. దగ్గు కూడా వినిపించలేదు అప్పుడు. అయినా నా అభ్యంతరం నాకుంది. నేర్పు బలవంతుడి వైపూ, ఆజ్ఞ బలహీనుడి వైపూ వెళ్ళాయి. సున్నితంగా చెప్పించుకునే హక్కు కుర్చీకి ఉంటే, పట్టాకు ఎందుకు లేదు? బోరు ఎండి అప్పుపడ్డ మనిషికి ఎద్దు జన్మ కథ కన్నా మెత్తని కథ ఒకటి దొరకదా మన పురాణాల్లో?

ఇంకోటి, చిన్నదే. వెనక కూర్చున్న ఆడవాళ్ళలో సగం మంది వారం వారం గ్రూపు లోన్ కట్టేవాళ్ళు. ఆ కంతు గురించి ఒక్క మాట లేదు. ఆయన ఊహలో అప్పుచేసినవాడు ఎప్పుడూ మగవాడు, రైతు.

మంగళహారతి పాడి, చక్కెర పొంగలి పెట్టి పంపించారు. ఆటోలో మా అత్త చాలాసేపు మాట్లాడలేదు. ఆమె కూడా వీధిలో నలుగురికి ఐదు వేలు, పది వేలు వడ్డీకి ఇస్తుంది, నూటికి రెండు రూపాయలు. వై జంక్షన్ దాటినాక నా వైపు తిరిగింది.

"ఏం మే, ఆయప్ప కుబేరుడు కుబేరుడు అన్నది నన్నేనా?"

"ఏమో అత్తా. నీకెట్లనిపించింది?"

ఆమె కొంగు తలమీదికి లాక్కుని, "కుబేరునికేం, కూతుర్ల పెండ్లిండ్లు లేవు, మందుల ఖర్చు లేదు. కలియుగమంతా ఆగినాడు" అంది. కాసేపాగి, ఎవరితోనో అన్నట్టు, "ఆ మూలింటి సుబ్బమ్మను ఉగాది దాకా అడగనులే" అంది.