చీకటి పడ్డాక ఊళ్లో: నేరభయంపై తరగతి సర్వే పథకం, ప్రశ్నావళి

బీఏ సోషియాలజీ రెండో సంవత్సరం. 32 మంది, 16 జంటలు. ప్రతి జంటలో ఒక అమ్మాయైనా ఉండాలి. ఊరు: అమలాపురానికి దగ్గర్లో, కాలువకు రెండు వైపులా పరుచుకున్న ఒక పెద్ద పంచాయతీ, సుమారు 2,000 ఇళ్లు. పని సంక్రాంతి సెలవుల తర్వాత రెండు వారాలు. సాయంత్రం ఆరు దాటాక ఎవరి తలుపూ తట్టకూడదు.

తెలుసుకోవాల్సింది ఎన్ని దొంగతనాలు జరిగాయని కాదు. ఏ భయం ఎవరి రాకపోకల్ని ఎంత కట్టేస్తోందన్నదే మన ప్రశ్న.

ఎవర్ని అడగాలి

ఓటర్ల జాబితా చేతికి సులువుగా దొరుకుతుంది, కానీ దాన్ని వాడటం లేదు. గల్ఫ్‌కి వెళ్లినవాళ్లు అందులో ఉంటారు, చెరువుల దగ్గర పనికొచ్చి కాపురముంటున్నవాళ్లు ఉండరు. అందుకే మొదటి రెండు రోజులూ నడిచి మ్యాపు గీస్తాం. ఊరిని సుమారు 50 ఇళ్ల చొప్పున 40 ముక్కలు చేస్తాం: ఊరిలో 20, పేటల్లో 15, కాలువ గట్టు మీద, చేల మధ్య 5. చీట్లు తీసి వరుసగా 8, 6, 2 ముక్కలు ఎంచుకుంటాం. జంటకో ముక్క. అందులో 1 నుంచి 5 లోపు చీటీ తీసి, ఆ ఇంటితో మొదలుపెట్టి ప్రతి ఐదో ఇల్లు. ముక్కలో 58 ఇళ్లున్నా ఐదో ఇల్లే; పది కాగానే ఆపేస్తే చివరి ఇళ్లకు అవకాశమే ఉండదు. ఆ చివరి ఇళ్లే తరచు చీకటి సందుల్లో ఉంటాయి.

ఇంట్లో ఎవర్ని? 'ఈమధ్య పుట్టినరోజు ఎవరిది' అనే పద్ధతి ఇక్కడ పనికిరాదు. ఆధార్‌లో జనవరి 1 అని పడ్డ పెద్దవాళ్లు ఎందరో. లెస్లీ కిష్ 1949లో చెప్పిన పద్ధతిని తేలిక చేసుకుందాం: 18 దాటినవాళ్లు ఎందరో అడిగి, వయసు వరసలో పెట్టి, ఫారం మీద ముందే రాసుకున్న సంఖ్య ప్రకారం ఒకర్ని ఎంచుకోవాలి. పేర్లు వద్దు. 'రాత్రిళ్లు ఇంట్లో ఎవరుంటారు', 'ఒంటరిగా ఉంటారా' అని అసలే అడగొద్దు. దొంగల సర్వే అనుకుంటారు, అనుకోవడం న్యాయమే.

తాళం ఉంటే వేర్వేరు వేళల్లో మూడుసార్లు వెళ్లాలి. పక్కింటివాళ్లను బదులు తీసుకోవద్దు. ఎప్పుడూ ఇంట్లో ఉండేవాళ్లే పోగవుతారు. 160 ఇళ్లలో 120 పూర్తయితే, మొత్తం ఊరి లెక్కలో అటూ ఇటూ 9 శాతం తేడా; ఒకే ముక్కలో ఇరుగుపొరుగు జవాబులు కొంత కలుస్తాయి కాబట్టి పది చిల్లర అనుకోండి. గట్టు మీది ఇళ్లకు విడిగా శాతాలు రాయొద్దు, అవి ఇరవైకి మించవు. ఎక్కువ మంది ఉన్న ఇంట్లో ఒక్కొక్కరికి వంతు వచ్చే అవకాశం తక్కువ కాబట్టి, లెక్కలో ప్రతి జవాబుకూ ఆ ఇంట్లో 18 దాటినవాళ్ల సంఖ్య బరువుగా వేయాలి.

ప్రశ్నలు

'రాత్రి ఒంటరిగా తిరగడం సురక్షితమేనా?' విదేశీ సర్వేల్లో బాగా నలిగిన ప్రశ్న. ఇక్కడ అడిగితే పాము, కుక్కలు, గట్టు మీద లారీలు, కరెంటు పోవడం అన్నీ 'భయం' కిందే పడతాయి. పైగా భయం వేరు, జరుగుతుందన్న అంచనా వేరు. విడగొట్టి అడుగుదాం.

1. రాత్రి ఎనిమిది దాటాక మీ వీధిలో ఒక్కరే నడిచి వెళ్తారా అండి? (వెళ్తాను / అవసరమైతేనే / వెళ్లను)
2. (రెండో, మూడో జవాబైతే) ఎందుకండి? చదివి వినిపించొద్దు, చెప్పింది చెప్పినట్టు రాయాలి.
3. పోయిన ఏడాది సంక్రాంతి నుంచి మొన్నటి సంక్రాంతి దాకా, ఎవరైనా మీకేదైనా చేస్తారేమోనని గాబరా పడిన సందర్భం ఉందా? ఎన్నిసార్లు? ఆఖరిసారి ఎంత గాబరా? (కొంచెం / బాగా / చాలా)
4. వచ్చే ఏడాదిలో మీకు ఇవి జరగొచ్చనుకుంటున్నారా? ఒక్కొక్కటి విడిగా: ఇంటి తాళం పగలగొట్టడం, మెడలో గొలుసు లాక్కుపోవడం, బండి పోవడం, ఫోన్లో ఓటీపీ అడిగి డబ్బు లాగేయడం. (జరగదు / జరగకపోవచ్చు / జరగొచ్చు / జరిగి తీరుతుంది)
5. భయం వల్ల ఏదైనా మానుకున్నారా? గొలుసు వేసుకోవడం, సెకండ్ షో, ట్యూషన్?
6. అదే ఏడాదిలో పై నాలుగింటిలో ఏదైనా మీకు జరిగిందా?

ఆరోది చివరే ఉండాలి. ముందు అడిగితే పాత దెబ్బ గుర్తొచ్చి మిగతా జవాబులన్నీ దాని రంగు పూసుకుంటాయి. మూడోదాంట్లో 'భయం' అనలేదు. 'నాకేం భయం' అని మగవాళ్లు తేల్చేస్తారు. 'దొంగతనాలు, గొడవలంటే' అని రెండూ ఒకే ప్రశ్నలో కలపొద్దు. 'తెలీదు' పైకి చదవకూడదు, గడి మాత్రం ఉండాలి.

ముందుగా వేరే ఊళ్లో ఎనిమిది మందిని అడిగి చూస్తాం. రెండో ప్రశ్నకు 'ఊరికే' అన్న జవాబు ముగ్గురి కంటే ఎక్కువ వస్తే మాట మార్చాలి.

గుమ్మంలో అనాల్సింది: 'కాలేజీ నుంచి వచ్చామండి. ఊళ్లో రాకపోకలు, దొంగతనాల భయం గురించి పావుగంట ప్రశ్నలు. పేరు రాసుకోం. ఇష్టం లేని ప్రశ్న వదిలేయొచ్చు.' పక్కన మరొకరు నిలబడి వింటుంటే ఫారం మీద గుర్తు పెట్టండి. ఎవరైనా జరిగిన బాధ చెప్పుకుంటే సలహాలివ్వొద్దు. 112, మహిళలకు 181, ఆన్‌లైన్ మోసాలకు 1930 ఉన్న చీటీ చేతిలో పెట్టండి.