సున్నా కాదు, ఐదు

కువైట్‌లోని ఫర్వానియాలో నా అంగడికొచ్చేవాళ్లు సరుకులతో పాటు ఫోటోలు కూడా తెస్తారు. కొందరు వాట్సాప్‌లో పంపుతారు, కొందరు గల్లా మీదికి వంగి ఫోన్ నా మొహం ముందు పెడతారు. అన్నీ నల్లబోర్డు ఫోటోలే. చేపల మార్కెట్టులో తగిలించినవి, కూరగాయల బండి పక్కన నిలబెట్టినవి, టైలరు గుమ్మం దగ్గరవి. సుద్దముక్కతో అరబీలో రాసిన ధరలు. "రమణన్నా, ఇది ఎంత?" అంటారు. చెప్తాను. దానికి డబ్బులు తీసుకోను. చెప్పించుకున్నోళ్లు మొహమాటానికైనా పావుకిలో చింతపండో, ఒక కరివేపాకు కట్టో కొంటారు. అది చాలు నాకు.

నేనేం పెద్ద చదువుకోలేదు. రాజంపేట నుంచి డ్రైవరు వీసా మీద కువైట్ వచ్చినోణ్ణి. ఇంటి డ్రైవరుకు పని తక్కువ, కాపలా ఎక్కువ. నాకు వీసా ఇచ్చిన యజమానిని ఇక్కడ కఫీల్ అంటారు. మా కఫీల్ మనవడు ఒకటో తరగతిలో చేరినప్పుడు, రోజూ బడి ముందర కార్లో కూర్చుని వాడి పాత పుస్తకం తిప్పేవాణ్ణి. వాడు బడి వదిలి వచ్చాక వెనక సీట్లోంచి తప్పులు దిద్దేవాడు. ఆరేళ్ల గురువు. ఇప్పుడు వాడికి మీసాలొచ్చాయి, ఈ అంగడి లైసెన్సు వాళ్ల నాన్న పేరు మీదే ఉంది.

అక్షరాలు తెలియకపోయినా అంకెలు వస్తే ఇక్కడ బతకొచ్చు. కానీ ఆ అంకెల్లోనే ఉంది చిక్కంతా. ఒకటి మన ఒకటే. తొమ్మిది కూడా తొమ్మిదే. ఆరు చూస్తే ఏడులా ఉంటుంది: ٦. ఇక అన్నిటికంటే పెద్ద మోసం ఐదు. గుండ్రంగా, అచ్చం మన సున్నాలా ఉంటుంది: ٥. మరి సున్నా ఏది? ఒక చుక్క. ٠. అంతే. సుద్దతో రాసిన బోర్డు మీద ఆ చుక్క ధరలో భాగమో, చేప నీళ్లు ఎగిరిపడ్డ మచ్చో కనిపెట్టడానికి నాకు కూడా ఒక్కోసారి ఫోటో పెద్దది చేసుకోవాల్సి వస్తుంది.

కొత్తగా వచ్చినవాళ్లకు చేసే మొదటి ఉపదేశం ఇదే. "గుండ్రంగా ఉంటే సున్నా కాదు, ఐదు."

అమలాపురం ఏసుబాబు ఒక శుక్రవారం పొద్దున్నే చేపల మార్కెట్టు నుంచి ఫోటో పంపాడు. వెంటనే ఫోన్. "అన్నయ్యా, మూడు సున్నా అని ఉంది. మూడు దినార్లేనా? కొనేయనా?"

"సున్నా కాదయ్యా, ఐదు. మూడున్నర. పేరు సుబూర్ అని రాశాడు."

"అంటే ఏంటండీ?"

"మీ పులసే."

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత గోదావరి జిల్లా పౌరుషం మొత్తం ఫోన్లోంచి వచ్చింది. సముద్రంలో ఉన్నంతసేపూ అది విలసేనంట, గోదారికి ఎదురెక్కితే తప్ప పులస కాదంట. ఇదేమో గోదారి మొహం చూసింది కాదు, కాబట్టి పులస అని పిలిచే హక్కు నాకు లేదంట. "సరేలే, మీ పులస కాదు, కానీ ముళ్లు మాత్రం అన్నే ఉంటాయి" అన్నాను. అదే అక్షరాలతో ఓర్పు గలవాడు అనే మాట కూడా ఉంది అరబీలో. ఆ ముళ్లు ఏరుకు తినాలంటే ఓర్పు కావాలి కదా అని నేను కల్పించిన అర్థం ఏసుబాబుకు బాగా నచ్చింది. రూపాయల్లో కిలో తొమ్మిది వందల పైమాటే. పుస్తెలమ్మైనా పులస తినాలన్న ఊరివాడు, ఆగుతాడా? రెండు కిలోలు కొన్నాడు. ఆ సాయంత్రం నా అంగట్లో చింతపండూ, బెండకాయలూ ఖాళీ.

అన్ని ఫోటోలూ నాకింత లాభంగా ఉండవు.

మా సందు చివర ఒక ఈజిప్టువాడు కూరగాయలు పెట్టాడు. ఓబులేసు ఆ బోర్డు ఫోటో తెచ్చి టమోటా ఎంతన్నా అని అడిగాడు. మూడు వందల యాభై ఫిల్సు, దినారుకు వెయ్యి ఫిల్సులు. నా దగ్గర నాలుగు వందలు. ఆ క్షణంలో నా నోట్లోంచి ఏమొచ్చిందో తెలుసా? "నాలుగు వందల యాభై." ఓబులేసు తలూపి నా దగ్గరే కిలో కొనుక్కుని పోయాడు. వారం తర్వాత నేను లేనప్పుడు అక్కడ కొన్నట్టున్నాడు. అర దినారు ఇస్తే నూటయాభై ఫిల్సు చేతిలో పడ్డాయి. నా దగ్గరికొచ్చి ఆ చిల్లర గల్లా మీద పరిచి, "నీ అరబీకి తుప్పు పట్టినట్టుందిలే నా" అన్నాడు. ఇంకో మాట అనలేదు. అబద్ధమాడావు అని ఉంటే పోట్లాడేవాణ్ణి. తుప్పు అన్నాడు, దానికేం చెప్పాలి?

ఆ రోజు నుంచి నా అంగడి ముందర కూడా ఒక నల్లబోర్డు పెట్టాను. టమోటా, దొండకాయ, ఎర్రకారం. తెలుగులో, అరబీలో, రెండు అంకెలూ పక్కపక్కన.

మంగమ్మ నా అంగడికి ఎప్పుడూ రాలేదు. రైల్వే కోడూరు దగ్గరి పల్లె. కద్దామా పని, అంటే అరబ్బుల ఇంట్లో పనిమనిషి. ఏడు నెలలైంది వచ్చి. ఆమె ఎవరి దగ్గరో నా నంబరు తీసుకుని అప్పుడప్పుడు వాయిస్ మెసేజ్ పెట్టేది. పప్పుకారం, వడియాలు కావాలంటే ఆ ఇంటి డ్రైవరు చేతికి ఇచ్చి పంపేవాణ్ణి. రాత్రి పదకొండు దాటాక ఒక గంట ఫోన్ చేతికిస్తారంట.

ఆ రాత్రి షట్టరు సగం దించాక ఫోటో వచ్చింది. వంటింటి గోడకు తగిలించిన చిన్న నల్లబోర్డు. కింద గుడ్ల అట్ట కొంచెం కనిపిస్తోంది. కొనాల్సిన సరుకులేమో అనుకున్నాను. మెసేజ్ విన్నాను.

"రమణన్నా, ఇది కొంచెం చదివి పెట్టునా. నెల కాగానే మామా ఈ బోర్డు మీద ఏందో రాస్తాది, నాకు చూపిస్తాది, డబ్బులిస్తాది." ఇక్కడ మామా అంటే ఇంటి ఆడమనిషి. మన ఊళ్లో వింటే నవ్వుతారు. "మాట్లాడుకున్నది నూటిరవై. అంకెలు చూస్తా ఉంటే సున్నా, సున్నా, సున్నా, కడాన పది. పది పట్టుకుంటే నూటపది రావల్లగదా? తొంభయ్యే ఇచ్చినాది. లెక్క తప్పింది. రేపు అడుగుదామని, నువ్వొకసారి చూసి చెప్తే నాకు ధైర్యం."

ఫోటో పెద్దది చేశాను. నాలుగు వరసలు. సున్నాలు ఒక్కటీ లేవు. గుండ్రంగా, నిండుగా మూడు ఐదులు. కడాన పది కాదు, పదిహేను. ఐదూ ఐదూ ఐదూ పదిహేను, ముప్పై. నూటిరవైలో ముప్పై పోతే తొంభై.

లెక్క తప్పి ఉంటే ఎంత బాగుండేది. తప్పిన లెక్కను రేపు పొద్దున సరిచేయించుకోవచ్చు.

షట్టరు కింది నుంచి పిల్లి వచ్చి పోయింది. ఓబులేసు పరిచిన చిల్లర గుర్తొచ్చింది. ఏదో ఒకటి చెప్పేద్దామా? గవర్నమెంటు ఫీజు అనో, ఇక్కడ ఉండే పర్మిట్టు, అదే అకామా ఖర్చు అనో? ఆమె నిద్రపోతుంది, నేనూ నిద్రపోతాను. ఊళ్లో మొగుడికి తొంభై అందుతాయి. నిజం చెప్తే రేపు ఆ వంటింట్లో ఏం జరుగుతుందో, నేనక్కడ ఉండను కదా.

ఫోన్ చేశాను. "మంగమ్మా, లెక్క సరిగ్గానే ఉంది."

"యాడ సరిగ్గా ఉందన్నా, సున్నాలు..."

"అవి సున్నాలు కాదమ్మా. ఐదులు."

ఊపిరి ఒక్కటే వినిపించింది. తర్వాత, "దేనికన్నా?" అంది.

ఒక్కో వరస చదివాను. ఫోన్, ఐదు. మందులు, ఐదు. పగిలిన గ్లాసు, ఐదు. టికెట్టు, పదిహేను.

"జొరమొస్తే మామా ఇచ్చిన మాత్రలు?"

"అవే అయ్యుండాలి."

"టికెట్టు యాడికి?"

"నువ్వు ఇంటికి పోయేదానికి. నెలనెలా పట్టుకుంటున్నట్టున్నారు. అది వాళ్లే పెట్టుకోవాల్సింది. ఇండ్లల్లో పనిచేసేవాళ్ల కోసం 2015లోనే చట్టం తెచ్చినారమ్మా. దానికో ఆఫీసు కూడా ఉంది."

"వాకిలి దాటితే గదా అన్నా ఆఫీసు."

దానికి నా దగ్గర జవాబు లేదు. ఎంబసీ నంబరు పంపుతానన్నాను. పంపమంది, కానీ ఆ గొంతులో ఆమె మనసు వేరే వరస మీద ఉన్నట్టు తెలుస్తోంది.

"గ్లాసు నేను పగలగొట్టలేదన్నా. చిన్నోడు బంతితో కొట్నాడు. మామా అప్పుడు ఇంట్లో లేదు. ముక్కలు ఎత్తింది నేను, అందుకని నా లెక్కలో రాసినారు." కాసేపు ఆగింది. "పిల్లోడు పగలగొట్టినాడు అని అరబీలో ఎట్ట రాయల్ల?"

"నోటితో చెప్పొచ్చు కదా, నేర్పిస్తా."

"నోటితో చెప్తే అరుస్తాది. వాళ్లు బోర్డు మీదనే గదా రాసినారు, నేనూ బోర్డు మీదనే రాస్తా."

మందులూ టికెట్టూ ఇరవై దినార్లు. వాటిని వదిలేసి ఐదు దినార్ల గ్లాసు పట్టుకుందేమిటి ఈ మనిషి అనుకున్నాను ముందు. తర్వాత అర్థమైంది, టికెట్టు గురించి చట్టం చెప్పాలి, గ్లాసు గురించి ఆమె చెప్పగలదు.

షట్టరు మళ్లీ పైకెత్తి నా బోర్డు లోపలికి తెచ్చాను. దొండకాయ ధర తుడిచేశాను. సుద్దముక్కతో పెద్ద పెద్ద అక్షరాలతో రెండే మాటలు రాశాను: كسرها الولد. కుడి నుంచి ఎడమకు గీయమని బాణం గుర్తు కూడా పెట్టి, ఫోటో తీసి పంపాను. నేను ఫోటోలు చదవడమే కానీ, అట్లా పంపడం అదే మొదటిసారి.

మరుసటి రోజంతా ఏ మెసేజ్ లేదు. ప్రతి ఫోటోకీ ఉలిక్కిపడ్డాను. ఏసుబాబు రొయ్యల బోర్డు పంపితే ధర తప్పు చెప్పాను, ఈసారి నిజంగానే చూసుకోక.

రాత్రి పదకొండుంబావుకు వచ్చింది. అదే వంటిల్లు, అదే బోర్డు. గ్లాసు వరస కింద మంగమ్మ రాత. అక్షరాలు కలవాల్సిన చోట కలవలేదు, నేను పెట్టిన బాణం కూడా యథాతథంగా గీసేసింది. అయినా చదవొచ్చు. ఎవరైనా చదవొచ్చు. దాని కింద ఇంకో చేతిరాత, గట్టిగా నొక్కి రాసిన ఒకే ఒక్క మాట, పక్కన ప్రశ్న గుర్తు.

منو؟

వెంటనే వాయిస్ మెసేజ్. "ఏందన్నా అది? నాకేం చెప్పలేదు, రాసి పోయినాది."

ఎవరు, అని ఉంది. గ్లాసు పగలగొట్టింది ఏ పిల్లవాడని అడుగుతోందా, నీకు ఇది రాసిచ్చింది ఎవరని అడుగుతోందా, ఆ ఒక్క మాటలో తెలియడం లేదు. అంగడి లైసెన్సు గోడ మీద అద్దం ఫ్రేములో ఉంది. అటు చూడకుండా మైకు గుర్తు నొక్కిపట్టాను.

"ఎవరు అని అడిగిందమ్మా" అన్నాను. "చిన్నోడి పేరేంది?"