పెళ్ళి సెలవు మంజూరు కోరుతూ విన్నపం

విజయవాడ,
9 ఫిబ్రవరి 2026.

అకౌంట్స్ మేనేజర్ శ్రీ వెంకటరమణ గారికి,

విషయం: 2026 మార్చి 5 నుంచి 13 వరకు నా వివాహం నిమిత్తం సెలవు.

నమస్కారం.

పెద్దలు నా పెళ్ళి నిశ్చయించారు. మార్చి 8వ తేదీ ఆదివారం రాత్రి 2 గంటల 38 నిమిషాలకు, తెల్లవారితే సోమవారం అనగా, తెనాలిలో మా ఇంటి దగ్గరి కల్యాణమండపంలో ముహూర్తం. శుభలేఖలు అచ్చు నుంచి రాగానే మా నాన్నగారితో కలిసి వచ్చి మిమ్మల్ని, సిబ్బంది అందరినీ పిలుస్తాము. సెలవు సంగతి మాత్రం అంతవరకు ఆపడం మంచిది కాదని ఈ ఉత్తరం ముందుగా ఇస్తున్నాను.

మార్చి 5 గురువారం నుంచి 13 శుక్రవారం వరకు సెలవు మంజూరు చేయవలసిందిగా కోరుతున్నాను. మధ్యలో ఒక ఆదివారం పోగా ఇవి 8 పనిదినాలు. 14 రెండో శనివారం, 15 ఆదివారం కనుక 16 సోమవారం ఉదయం విధుల్లో చేరతాను. పెళ్ళికి ప్రత్యేకమైన సెలవు మన నిబంధనల్లో లేదు కాబట్టి ఈ 8 రోజులనూ నా ఆర్జిత సెలవు ఖాతాలో తగ్గించగలరు. 6న నన్ను పెళ్ళికూతుర్ని చేస్తారు, 9 సాయంత్రం అప్పగింతలయ్యాక కాకినాడ వెళ్తాము, 11న అన్నవరంలో సత్యనారాయణ వ్రతం, ఆ తర్వాత మనుగుడుపులకు తిరిగి తెనాలి రావాలి. ఇంతకంటే కుదించడం కుదరలేదు.

నెల మొదటి పక్షంలో మన విభాగానికి గడువులు ఎక్కువని తెలుసు, అందుకే ఒక్కో పనికి ఒక్కొక్కరిని అనుకుని, వారితో మాట్లాడి, ఒప్పించిన తర్వాతే మీకు రాస్తున్నాను. ఫిబ్రవరి టీడీఎస్ చెల్లింపుకు మార్చి 7 గడువు. దాని లెక్క నేనే తేల్చి 4వ తేదీలోపు చలానా తయారుచేసి మీ సంతకానికి పెడతాను, చెల్లింపు మాత్రం రమ్య గారు చూసుకుంటారు. అసలు జాగ్రత్త పడవలసింది 11వ తేదీ గడువున్న జీఎస్టీఆర్-1 విషయంలో. ఫిబ్రవరి అమ్మకాల బిల్లులను టాలీలో సరిచూసి, డీలర్లు వాపసు పంపిన సరుకు తాలూకు క్రెడిట్ నోట్లతో సహా 3వ తేదీకి ముగిస్తాను. రమ్య గారు దాన్ని పోర్టల్‌లోకి ఎక్కించి 10వ తేదీ ఉదయమే దాఖలు చేయాలి. చివరి రోజు సాయంత్రం పోర్టల్ ఎలా మొరాయిస్తుందో మనందరం చూశాం. పైగా ఓటీపీ మేనేజింగ్ పార్ట్‌నర్ గారి ఫోన్‌కే వస్తుంది కనుక, ఆ ఉదయం వారు అందుబాటులో ఉండేలా మీరు ఒక మాట చెప్పగలరని మనవి.

పీఎఫ్, ఈఎస్ఐ చెల్లింపులకు, ముందస్తు ఆదాయపు పన్ను చివరి వాయిదాకు గడువు మార్చి 15. అది ఆదివారం, ముందురోజు బ్యాంకులకు సెలవు. కాబట్టి ఆ మూడింటినీ ఖాజా గారు 12వ తేదీకే కట్టేస్తారు. ముందస్తు పన్ను అంచనా మన ఆడిటర్ గారి నుంచి ఫిబ్రవరి నెలాఖరులోపు నేనే తెప్పించి ఫైల్లో ఉంచుతాను. జీఎస్టీఆర్-3బీ 20వ తేదీకి గనుక దాన్ని నేను వచ్చాకే చేస్తాను, ఎవరికీ అప్పగించడం లేదు. మార్చి నెలాఖరు ఖాతాల ముగింపుకు, గోడౌన్ స్టాక్ లెక్కింపుకు నేను పూర్తిగా ఉంటాను.

ఫిబ్రవరి 23 నుంచి రోజూ మధ్యాహ్నం ఒక గంట రమ్య గారిని పక్కన కూర్చోబెట్టుకుని ఈ పనులు చూపిస్తాను. మార్చి 2న ఆవిడ చేస్తుంటే నేను పక్కనుంటాను. పాస్‌వర్డ్‌లు కాగితం మీద రాసి చేతులు మార్చడం నాకు సమ్మతం కాదు, అందువల్ల వాటిని సీలు చేసిన కవరులో మీకే ఇస్తాను.

సెలవులో ఉన్నప్పుడు సిబ్బంది రిజిస్టరులో ఉన్న నా ఫోన్ నంబరే పనిచేస్తుంది. ఉదయం 10 నుంచి 11 వరకు, సాయంత్రం 5 నుంచి 6 వరకు తప్పక ఎత్తుతాను. మిగతా వేళల్లో వాట్సాప్‌లో ఒక సందేశం పెడితే వీలు చూసుకుని నేనే చేస్తాను. 8, 9 తేదీల్లో మాత్రం ఫోన్ నా చేతిలో ఉండదు. ఆ రెండు రోజుల్లో ఆగని పని ఏదైనా వస్తే మా తమ్ముడికి చెప్పండి, వాడి నంబరును రిజిస్టరులో నా పేరు ఎదుట రాయించాను. వాడికి లెక్కలు తెలియవు గానీ, కబురు మాత్రం తప్పకుండా అందిస్తాడు.

ఈ నెల 14వ తేదీలోగా మీ అనుమతి తెలియజేస్తే రైలు టిక్కెట్లు తీసుకుంటాను. ఏర్పాట్లలో ఏదైనా మార్చాలని మీకు తోస్తే చెప్పండి, ఆ ప్రకారమే సర్దుతాను.

ఇట్లు,
మీ విధేయురాలు,
కె. మౌనిక,
సీనియర్ అకౌంటెంట్.

ప్రతి: రమ్య గారికి, ఖాజా గారికి.