యాభై ఆరు ఖానాలు: మన ఆల్బమ్ ఆలోచన

అక్కా, బావా, చిన్నోడా,

మన దగ్గర పదిహేను వేలే ఉన్నాయి. ఆ డబ్బుకు పది పాటలు తీస్తే పదీ పలచబడతాయి. ఆరు పాటలు చేద్దాం, ఆరూ ఒక్క వంతెన మీదే. రాజమండ్రిలో పుట్టి హేవ్‌లాక్ వంతెన గురించి పాడకపోతే నాకు తోచదు. గోదారి మీద ఆ వంతెనపై 1900లో రైళ్ళు మొదలయ్యాయి, 1997లో ఆగిపోయాయి, స్తంభాల మధ్య ఖానాలు 56.

ఒకటో పాట పడవవాడిది. నదిలో స్తంభాలు ఒక్కొక్కటే లేస్తుంటే ఒడ్డున కూర్చుని చూస్తుంటాడు. రెండోది కిటికీలోంచి గోదారమ్మకి బిళ్ళ వేసే ముసలమ్మది:

"రూపాయి బిళ్ళా, నాకన్నా ముందే
అమ్మ ఒడి చేరావు, నా మొక్కు చెప్పు"

మూడోదాని మీదే నా ప్రాణమంతా. చిన్నపిల్ల ఖానాలు లెక్కపెడుతుంది. మిశ్రచాపు తాళంలో ఒక ఆవర్తానికి ఏడు దెబ్బలు, ఎనిమిది ఆవర్తాలకు సరిగ్గా యాభై ఆరు! ఒక్కో దెబ్బకి ఒక్కో ఖానా. లెక్క పూర్తయ్యే సరికి కొవ్వూరు ఒడ్డు రావాలి, పాట అక్కడే ఆగాలి. డ్రమ్స్ వద్దు, వాటికి మైకులు ఎక్కువ కావాలి. చిన్నోడు కంజిరా వాయిస్తాడు, బావ గిటారు తీగల మీద అరచెయ్యి అదిమి చక్రాల చప్పుడు తెప్పిస్తాడు. వెల్డింగ్ పట్టాల మీద ఆ టకటక ఇప్పుడెక్కడ వినిపిస్తుంది? మనమే తయారుచేయాలి.

నాలుగోది 1974 నాటి వంతెన, పైన రోడ్డు, కింద రైలు. పైన బస్సులో అతను, కింద పెట్టెలో ఆమె, ఇద్దరి గొంతులూ ఒకేసారి. బావ, అక్క ఒకే మైకుకు చెరో పక్క నిలబడితే చాలు. ఐదోది 1986 వరద. వాయిద్యాలేవీ ఉండవు, అక్క గొంతు ఒక్కటే. ఆరోది రైళ్ళు ఆగిపోయిన వంతెన.

ఐదో పాటకు మాత్రం స్టూడియో తీసుకుందాం. ఒంటి గొంతుకు గది నిశ్శబ్దం కావాలి, మా మేడగదిలో ఎన్ని పరుపులు ఆనించినా వీధి కుక్క అరుపు దూరుతుంది. గంటకు ఎనిమిది వందలు, నాలుగు గంటలకు 3,200. మిక్సింగుకు 7,500. తీగలు, ఆటో ఖర్చులు 1,300. మూడు వేలు ముట్టుకోకుండా ఉంచుదాం, ఏదో ఒక పాట మళ్ళీ తీయక తప్పదు.

మిగిలిన ఐదూ మేడగదిలోనే, రాత్రి పదకొండు దాటాక, ఫ్యాను ఆపేసి, అందరూ కలిసి ఒకే టేకులో. విడివిడిగా తీసి అతికితే ఆ ఊపిరి పోతుంది. ఇది నా గట్టి మాట.

చివరి పాట కింద నీళ్ళ చప్పుడు నేనే తెల్లవారుజామున పుష్కరఘాట్ మెట్ల మీద ఫోన్లో పట్టుకొస్తాను. అక్కా, ఆదివారానికి రెండో పాట శ్రుతి తేల్చు. ముసలమ్మ గొంతు కాబట్టి నీకు అలవాటున్న దానికన్నా ఒకటిన్నర కట్ట కిందకి దించి చూడు.