ఇంకా 4 రోజులే!

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురంలో ఉన్న మనోళ్ళందరికీ ఒక ప్రశ్న. ఇంట్లో మాట తెలుగు, బయట బోర్డు ఒడియా. అమ్మకి ఆఫీసు నుంచి కాగితం వస్తే చదివి చెప్పమని ఎవర్ని పిలుస్తారు?

3 రోజులు

చాలామంది చెప్పింది ఒకటే, పక్కింటి గుంటడు! 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అటు కలిసింది కదా, మా తాత ఇదే ఇబ్బంది పడ్డాడు, అమ్మ ఇప్పటికీ పడతంది, పింఛను కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరగడం చూళ్ళేకే రెండేళ్ళు కూర్చుని ఇది చేశాం.

2 రోజులు

క్లూ కావాలా? కెమెరా. గుండ్రటి ఒడియా అక్షరాలు. తెలుగు గొంతు. కొండల్లో సిగ్నల్ ఉండదని మాకూ తెలుసు, అందుకే నెట్ లేకపోయినా పనిచేస్తది.

రేపే!!

ఉదయం 9కి ప్లే స్టోర్‌లో, పేరు కూడా అప్పుడే చెప్తాం. చేతిరాత ఇంకా సరిగ్గా చదవట్లేదు, అచ్చు కాగితాలే. ఇంట్లో అర్థంకాకుండా దాచిన ఒడియా కాగితం ఒకటి తీసి పక్కన పెట్టుకోండి, అమ్మని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి.