నీ పండ్ల ఓపీజీ, అంటే రెండు దౌడలు ఒక్కటే ఫొటోల కనపడే ఎక్స్‌రే, దాంట్ల ఏమున్నదో చెప్తున్న, నిమ్మలంగ చదువు తమ్మీ

తమ్మీ, పొద్దున క్లినిక్‌ల రష్ ఉండె, మీ నాయిన గూడ కాజీపేటల ట్రైన్ అందుకోవాలె అని తొందరపడ్డడు, అందుకే సరిగ్గ చెప్పలేకపోయిన. ఇప్పుడు ఫోన్‌ల ఆ ఎక్స్‌రే ఫొటో ఓపెన్ చేసి పక్కకు పెట్టుకో.

ముందుగాల ఒక్కటి. ఫొటోల ఎడమ దిక్కు కనపడేది నీ కుడి దౌడ. మేం నీ ఎదురుంగ నిలబడి నీ మొఖం చూస్తున్నట్టు ఉంటది అది. మీ నాయిన "నొప్పి కుడి దిక్కు అంటుండు, వంకర పన్నేమో ఎడమ దిక్కున్నది" అని గాబరా పడ్డది దీనికే, ఫొటో తప్పు కాదు. మధ్యల తెల్లగ మబ్బు లెక్క ఉన్నది మెడ ఎముక నీడ, దాని గురించి ఫికర్ చెయ్యకు. పండ్లు తెల్లగ, బొక్క బూడిద రంగుల, గాలి ఉన్న జాగ నల్లగ కనపడ్తది, గంతే.

ఇగ ఫొటోల ఎడమ మూలకు, కింద చివరి పన్ను చూడు. మేం దాన్ని 48 అంటం, జ్ఞానదంతం. నిలువుగ ఉండాల్సింది ముందటి పన్ను మీదికి ఒరిగి, తలకాయ దానికి ఆనిచ్చి పడుకున్నది. రెండు పండ్ల నడుమ సందుల అన్నం మెతుకు ఇరికితే బ్రష్ అందదు. అందుకే నీకు రెండు నెలలల్ల రెండుసార్లు చిగురు వాచి నోరు తెరవరాలె. అసలు నాకు ఫికర్ ఆ పన్ను గురించి కాదు, ముందటి దాని గురించి, 47. దాని ఎనుక అంచుకు చిన్నగ నల్లటి మచ్చ ఉన్నది చూడు, అది పిప్పి మొదలైనట్టు కనపడ్తున్నది. ఎంత లోతు ఉన్నదో ఈ పెద్ద ఫొటోల పక్కాగ చెప్పరాదు, అందుకే ఆ ఒక్క పన్నుకు చిన్న ఎక్స్‌రే తీస్త అన్న. 48 తీస్తేనే ఆ మచ్చకు చెయ్యి అందుతది, ఫిల్లింగ్ అయితది. ఆలస్యం చేస్తే రూట్ కెనాల్ దాక పోవచ్చు, జీవితాంతం నమలాల్సిన మంచి పన్ను అది.

ఇప్పుడు నరం సంగతి, మీ ఇంట్ల అందరు భయపడ్డది దీనికే గదా. కింది దౌడ బొక్కల రెండు సన్నటి తెల్ల గీతలు, నడుమ నలుపు, పొడుగ్గ పోతుంటయి చూడు. మన ఎస్సారెస్పీ కాలువకు రెండు కట్టలు ఉన్నట్టు అనుకో, నడుమల నరం పోతది. కింది పెదవికి, గడ్డానికి స్పర్శ తెలిపేది అదే. పెదవి కదిలించేది అది కాదు, కంటి చూపుకు గూడ దానితోని ఏం సంబంధం లేదు, "పన్ను పీకితే కండ్లు పోతయి" అన్న మాట నాయనమ్మకు నిమ్మలంగ నువ్వే చెప్పు. 48 వేర్లు ఆ కాలువకు పైననే ఆగినయి, నడుమ బొక్క కనపడ్తున్నది. తిమ్మిరి వచ్చే రిస్క్ అసలే లేదు అని నేను అనను, కానీ నీకు తక్కువ. నాలుక నరం ఒకటి ఉంటది, అది ఎక్స్‌రేల కనపడదు, దాని జాగ్రత్త ఆపరేషన్‌ల మేం తీసుకుంటం.

అదే ఫొటోల కుడి దిక్కు, అంటే నీ ఎడమ దౌడల 38 చూడు. దాని వేర్లు కాలువ మీద పడ్డయి, పడ్డకాడ వేరు కొంచెం నల్లబడ్డది, పైకట్ట గీత తెగినట్టున్నది. నరానికి దగ్గరున్నదనే గుర్తు. కానీ అది నిలువుగ ఉన్నది, నొప్పి లేదు, పిప్పి లేదు. దాన్ని ముట్టొద్దు అంట నేను. "ఎట్లైన మత్తు ఇస్తరు గదా, అన్ని ఒక్కసారే పీకెయ్యుండ్రి" అన్నవు, నొప్పి చెయ్యని పన్ను కోసం నరం దగ్గర చెయ్యి పెట్టుడెందుకు? ముందుముందు తకరారు చేస్తే అన్ని దిక్కులకెల్లి చూపించే సీబీసీటీ 3డీ స్కాన్ తీసి, నరం లోపటికున్నదా బయటికున్నదా చూసి అప్పుడు ఆలోచిద్దం. మీద కుడిది, 18, సక్కగ వచ్చింది, ఇప్పటికి ఉండనీ. మీద ఎడమ దిక్కు జ్ఞానదంతం నీకు పుట్టనే లేదు, చానమందికి గట్లనే ఉంటది.

48 తీసుడంటే మత్తు సూది ఇచ్చి, చిగురు కొద్దిగ కోసి, పన్నును రెండు ముక్కలు చేసి తీసి కుట్లు వేస్తం. రెండు మూడు రోజులు వాపు గట్టిగనే ఉంటది, జావ, మెత్తటి పెరుగన్నం తినాలె. సిగరెట్ బంద్, లేకపోతే మూడో రోజు కాడినుంచి గుంతల రక్తం గడ్డ ఊడి విపరీతమైన నొప్పి రావచ్చు.

నీ ఎగ్జామ్ ఇంక 12 రోజులే ఉన్నది అన్నవు. ఇప్పుడు వాపు లేదు కాబట్టి ఎగ్జామ్ అయినంక పెట్టుకో, ఆ వారమే రా, నెలలకు నెలలు జరపకు. ఈ నడుమల జ్వరం వచ్చినా, నోరు తెరవరాకున్నా, గుటక మింగుడు కష్టమైనా మెడికల్ షాపుల గోళీలు కొనుక్కోని కూసోకు, వెంటనే ఫోన్ చెయ్. తీసుడా వద్దా అన్నది నీ ఇష్టం. శనివారం సాయంత్రం వీలైతే నాయినను గూడ తోల్కరా, పెద్ద స్క్రీన్ మీద ఆ కాలువ గీతలు దగ్గరికి చేసి ఆయనకు చూపిస్త.